మిగిలిన పార్సిల్ బిర్యానీ: బకెట్‌తో సహా ఫ్రిజ్‌లో తోసేసేవాళ్ళకు హెచ్చరిక

ఆదివారం ఫ్యామిలీ ప్యాక్ తెచ్చుకుని, సగం రాత్రికి అట్టేపెట్టే ఇళ్ళవాళ్ళు ఇది చదవండి. మధ్యాహ్నం తిన్నవాళ్ళకు ఏమీ కాదు. అదే బకెట్‌లోది రాత్రి వేడి చేసుకు తిన్నవాళ్ళకు గంటా రెండు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. తిట్లు హోటల్‌కి పడతాయి, తప్పు చాలాసార్లు మన వంటింట్లోనే జరుగుతుంది.

లెక్క చూడండి. భీమవరంలో ఒంటిగంటకు బకెట్ కట్టించారు. పాలకొల్లు ఇంటికి చేరేసరికి పావు తక్కువ రెండు. అందరూ కూర్చుని తిని లేచేసరికి మూడు. బకెట్ బల్ల మీదే ఉంది, ఓ కునుకు తీసి లేచి ఐదింటికి ఫ్రిజ్‌లో పెట్టారు. ఇంటికొచ్చాక మూడు గంటలేగా అనుకుంటాం. కానీ గడియారం మొదలయ్యేది పొయ్యి మీదనుంచి దించి పార్సిల్ కట్టినప్పుడు. అంటే నాలుగు గంటలు. వండిన పదార్థం బయట ఉండగలిగేది రెండు గంటలే, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో మన డెల్టా ఉక్కలో ఆ గంటలో ముప్పావు దారిలోనే పోయింది.

అన్నంలో ఏం జరుగుతుందంటే, బియ్యానికి సహజంగానే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అంటుకుని ఉంటాయి. ఉడికినా, దమ్ముకు పెట్టినా అవి చావవు. అన్నం 60 డిగ్రీలకు పైన ఉన్నంతసేపూ నిద్రలో ఉంటాయి. గోరువెచ్చబడగానే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. ఆ విషానికి వాసన లేదు, రుచి లేదు. మళ్ళీ వేడి చేస్తే పోతుందా అంటే పోదు, కుక్కర్‌లో ఉడికించినా అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. అందుకే "వాసన చూశాం, బాగానే ఉంది" అన్న మాట ఇక్కడ పనికిరాదు. తరవాణి, చద్దన్నం తిని పెరిగినవాళ్ళం కదా అనేవాళ్ళుంటారు. అది పులిసే అన్నం, ఆ పులుపే దానికి కాపలా. బిర్యానీకి ఆ కాపలా లేదు.

ఇక బకెట్ సంగతి. మూత బిగించిన బకెట్‌ను ఫ్రిజ్‌లో పెడితే పైపొర, అంచులు చల్లబడతాయి. అడుగున మసాలా పట్టిన నడిమి ముద్ద గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో ఉందన్న ధీమా మనది, లోపల పెరుగుదల దానిది. అనుమానముంటే ఫ్రిజ్‌లో పెట్టిన గంటకు గరిటె మధ్యలో గుచ్చి తీసి, వెనకవైపు తాకి చూడండి.

చేయాల్సింది ఒక్కటే, కానీ తినకముందే చేయాలి. బకెట్ ఇంటికి రాగానే, విస్తళ్ళు వేయకముందే, ఈ పూట ఎంత చాలుతుందో చూసి మిగతాది శుభ్రమైన గరిటెతో తీసేయండి. వెడల్పాటి స్టీలు పళ్ళెంలో రెండంగుళాల మందం మించకుండా పరిచి, ఫ్యాను కింద పావుగంట ఉంచితే ఆవిరి పోతుంది. తర్వాత బల్లపరుపు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. కొద్దిగా వెచ్చగా ఉన్నా ఫర్వాలేదు, పూర్తిగా చల్లారాలని బయట ఉంచడమే అసలు ప్రమాదం. డబ్బాల మధ్య గాలి ఆడాలి. లోపల 5 డిగ్రీల లోపు ఉండాలి, తలుపు అరలో పెట్టొద్దు. అందరూ చేతులు పెట్టి తిన్న పళ్ళేల్లో మిగిలింది దాచే వస్తువు కాదు.

బిర్యానీ, ఫ్రైడ్ రైస్ మర్నాటికల్లా అయిపోవాలి. చికెన్ కూర, వేపుడు వేళకి ఫ్రిజ్‌లో చేరితే మూడు రోజులు ఆగుతాయి. రొయ్యల ఇగురు, చేపల పులుసూ అంతేనంటారు గానీ, మా మాట వింటే రెండో రోజు దాటనివ్వకండి. పెరుగు చట్నీ, కోసిన ఉల్లిపాయ ఆ పూటతో సరి. వేడి చేసేటప్పుడు తినేంత మాత్రమే తీసి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, మధ్యలోంచి పొగలు వచ్చేదాకా ఉంచండి. ఒకసారి వేడి చేసింది మళ్ళీ ఫ్రిజ్‌కి వెళ్ళకూడదు.

కరెంటు పోతే తలుపు తీయకండి, మూసి ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. తుఫాను రోజుల్లో అంతకు మించి పోతే, ఆ డబ్బాలో ఎంత ఖరీదు మాంసం ఉన్నా పారబోయాల్సిందే.