సున్నా చూపే పెన్ను, సున్నా చూపని మీటరు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఒంగోలులో బ్యాటరీ నీళ్ల యూనిట్ నడుపుతున్నాను. అందరూ దాన్ని డిస్టిల్డ్ వాటర్ అంటారు కానీ మేం చేసేది డీఅయనైజ్డ్ నీళ్లు. బోరు నీళ్లు ఆర్వోలోంచి, ఆ తర్వాత నీళ్లలో మిగిలిన ఉప్పు అయాన్లను పట్టేసే మిక్స్‌డ్ బెడ్ రెజిన్ సిలిండర్‌లోంచి వెళతాయి. చీమకుర్తి క్వారీ లారీల బ్యాటరీలకు, ఊళ్లోని ఇన్వర్టర్లకు మా క్యాన్లే వెళతాయి.

మొదట్లో జేబులో పట్టే టీడీఎస్ పెన్ను వాడాను. అది సున్నా చూపితే నీళ్లు శుద్ధమని నమ్మాను. ఆ పెన్ను ఉప్పును కొలవదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో మైక్రోసీమెన్స్‌లో కొలిచి, వచ్చిన విలువను సగానికి తగ్గించి పీపీఎం అని రాస్తుంది. పైగా ఒకటి కంటే చిన్న అంకె దానికి తెలియదు. ఒకటి, ఒకటిన్నర మైక్రోసీమెన్స్ దగ్గరా, అసలైన శుద్ధజలం దగ్గరా ఒకే సున్నా చూపుతుంది. రెజిన్ అలసిపోవడం మొదలయ్యేది సరిగ్గా ఆ సున్నా వెనకే.

అందుకే దానికి పదిహేను రెట్లు ధర పెట్టి, బాగా చిన్న విలువలు కొలవడానికి పనికొచ్చే, సెల్ స్థిరాంకం 0.1 ఉన్న స్టీలు ప్రోబ్‌తో కండక్టివిటీ మీటరు కొన్నాను. మొదటి వారం తల పట్టుకున్నాను. గ్లాసులో నీళ్లు పట్టి ప్రోబ్ ముంచితే 0.4 మైక్రోసీమెన్స్, చూస్తుండగానే 0.6, టీ తాగి వచ్చేసరికి 0.9. మీటరు పాడైందని దుకాణదారుతో గొడవపడ్డాను కూడా. తప్పు మీటరుది కాదు, గాలిది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి అయాన్లవుతుంది. 25 డిగ్రీల దగ్గర పూర్తి శుద్ధజలం విలువ 0.055 అయినా, మూత లేని గ్లాసులో అది దాదాపు 1 దాకా ఎక్కి ఆగుతుంది.

అప్పటినుంచి గ్లాసులో కొలవడం మానేశాను. సన్నని సీసా అడుగుదాకా సిలిండర్ నుంచి వచ్చే పైపు దించి, నీళ్లు పైనుంచి పొంగిపోతుండగా ప్రోబ్ ముంచుతాను. రెండు నిమిషాల్లో అంకె నిలుస్తుంది. కొత్త రెజిన్‌తో 0.2 వస్తుంది. అంటే లీటరుకు పదో వంతు మిల్లీగ్రాము లోపే ఉప్పు. పారే నీళ్లలోనే 0.5 దాటిందంటే సిలిండర్ మార్చడానికి ఫోను చేస్తాను. మేలో నీళ్లు 38 డిగ్రీలుంటే ఉదయం 0.20 చూపింది మధ్యాహ్నానికి 0.23 అవుతుంది. నా మీటరు డిగ్రీకి రెండు శాతం చొప్పున సవరిస్తుంది, శుద్ధజలం అంతకంటే ఎక్కువ మారుతుంది. ఆ తేడాకు కంగారుపడనవసరం లేదు.

ఈ మీటరు తన ఖరీదు తీర్చుకున్నది ఒక క్యాన్ వల్ల. పోయినేడు చీమకుర్తి మెకానిక్ ఒకరు ఇరవై లీటర్ల క్యాన్ వెనక్కి తెచ్చారు. "నా పెన్ను రెండు చూపిస్తోందన్నా, ఇవి మామూలు నీళ్లే" అన్నారు. నా మీటరులో 4.1 వచ్చింది. గాలి వాటా తీసేస్తే మూడు మిగిలింది. గాలి ఒక్కటే అంత ఎక్కించలేదు. సిలిండర్ దగ్గర చూస్తే 0.2, అంటే రెజిన్ బాగానే ఉంది. మిగిలింది క్యాన్. మా బోరు నీళ్లు 2,600 మైక్రోసీమెన్స్. ఇరవై లీటర్లలో మూడు పెరగాలంటే ఆ నీళ్లు 23 మిల్లీలీటర్లు చాలు, చిన్న టీ గ్లాసులో మూడో వంతు కూడా కాదు. పనిలో కొత్తగా చేరిన అబ్బాయిని అడిగితే, క్యాన్లను బోరు కుళాయి కింద కడిగి బోర్లించి వెంటనే నింపుతున్నానన్నాడు. అదే క్యాన్‌ను మా నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాం. మర్నాడు 1.0 ఉంది. మెకానిక్ పెన్నులో సున్నా! ఆయన సంతోషించారు, నేను ఆ సున్నా గురించి ఏమీ అనలేదు.

ప్రోబ్‌ను ముందు శుద్ధమైన నీళ్లలో ముంచి, బోరు నీళ్లను చివర చూడాలి. వరస తిరగబడితే అరగంట కడిగినా అంకె దిగదు. వేలితో తాకినా అంతే, చెమట ఉప్పు వెంటనే తెలుస్తుంది. రెండేళ్లకు వైరు మొదలు దగ్గర తెగింది, ప్రోబ్ మొత్తం మార్చాల్సి వచ్చింది. అది నాకు నచ్చలేదు. సరిచూడడానికి 84 మైక్రోసీమెన్స్ ద్రావణం చిన్న సీసాల్లో కొని, తెరిచిన రోజే వాడి పారబోస్తాను.

ఒక హద్దు చెప్పాలి. కరెంటు మోయనిదేదీ ఇందులో కనబడదు. అలసిన రెజిన్ నుంచి సిలికా జారినా అంకె దాదాపు కదలదు. బ్యాటరీకి క్లోరైడే శత్రువు కాబట్టి నాకు సరిపోతోంది. ల్యాబ్‌కు నీళ్లు అడిగేవారికి సిలికా పరీక్ష విడిగా చేయించుకోమని చెప్పి పంపుతాను.