రెడ్ ముందా, అంచు మీది కాయిన్ ముందా: ఏది మేలు?

దసరా సెలవులు దగ్గర పడితే చాలు, హన్మకొండ, కాజీపేట గల్లీల్లో క్యారమ్ బోర్డులు బయటికి వస్తయి, వాటితోపాటు పాత ప్రశ్న కూడా. "హోల్ అంచు మీద నా కాయిన్ ఊగులాడుతున్నది, రెడ్ నడుమ ఉన్నది. ముందు ఏది కొట్టాలె?" చాలామంది చెప్పే జవాబు: చేతికి దొరికింది ముందు వేసుకో, రెడ్ సంగతి తర్వాత. అది చాలా బోర్డుల్లో తప్పు జవాబు. ఎందుకు తప్పో ఒక బోర్డు పెట్టుకుని చూద్దాం. ఇది నలుపు తెలుపు ఆట గురించి. ఒక్కో రంగుకు ఇన్ని పాయింట్లని ఇంట్లో ఆడుకునే ఆటకు ఈ లెక్క వర్తించదు.

మీవి తెల్లవి, మూడు మిగిలినయి. మొదటిది అవతలి కుడి హోల్ అంచున, తాకితే పడేలా ఉంది. రెండోది అవతలి ఎడమ హోల్‌కు జానెడు పైచిలుకు దూరంలో, ఓపెన్‌గా ఉంది. మూడోది కుడివైపు ఫ్రేమ్ మధ్యలో అతుక్కుని ఉంది, దాని పైపక్కనే ఒక నల్లది తగిలి కూర్చుంది. రెడ్ సరిగ్గా మధ్యలో. ఎదుటివారికి నాలుగు నల్లవి ఉన్నయి. చేయి మీది.

మొదటి దారి: అంచుది, ఎడమది వరుసగా వేసేయడం. రెండూ పడతయి, చూడ్డానికి బాగుంటది. కానీ ఆ తర్వాత రెడ్‌కు ఫాలోగా, అంటే రెడ్ వెనకాలే వేయాల్సిన కాయిన్‌గా, మిగిలేది ఆ ఇరుక్కున్న ఒక్కటే. రెడ్ వేసినా, వెంటనే వచ్చే షాట్‌లో దాన్ని వేయలేకపోతే రెడ్ తిరిగి మధ్యకే వస్తుంది, చేయి పోతుంది. అట్లని ఆ ఆఖరి కాయిన్ ముందు వేస్తే, రెడ్ బోర్డు మీద ఉండగా చివరిది పడ్డట్టు, బోర్డే పోతుంది. అంటే రెండు సులువైన కాయిన్లు వేసుకుని మీకు మీరే తలుపు మూసుకున్నారు.

రెండో దారి: ముందు రెడ్, ఫాలోకు అంచుది, ఆ తర్వాత ఎడమది, చివరికి ఇరుక్కున్నది. నా ఓటు దీనికే. ఇక్కడ అసలు తేల్చేది రెడ్ ఎంత సులువు అన్నది కాదు, దాని తర్వాతి షాట్ ఎంత సులువు అన్నది. అంచు కాయిన్‌ను మించిన ఫాలో బోర్డు మీద ఉండదు. పైగా అది అక్కడ ఉన్నంతసేపూ ఆ హోల్‌కు కాపలా కూడా కాస్తుంది: ఎదుటివాళ్ల నల్లది అటు వచ్చిందంటే మీదాన్ని లోపలికి తోసి తాను బయట ఆగిపోవడమే ఎక్కువ. గెలిస్తే వచ్చేది నాలుగు నల్లవాటికి 4, రెడ్‌కు 3, మొత్తం 7. రెడ్ వాళ్లు కవర్ చేసుకుని ఉంటే మీరు గెలిచినా కాయిన్ల పాయింట్లే.

ఇరుక్కున్నదాన్ని ముందే విడదీయడం అనే మూడో దారి కూడా ఉంది. ఏదీ పడకుండా చేయి పోవడం దాదాపు ఖాయం కాబట్టి దాని గురించి ఇంతకంటే అవసరం లేదు.

ఇక స్ట్రైకర్ పెట్టడం. దీనిమీదే ఎక్కువ బోర్డులు పోతయి. క్యారమ్స్‌లో స్ట్రైకర్ ఎక్కడ ఆగినా మళ్లీ చేతికే వస్తుంది కాబట్టి, అది ఆగే చోటు గురించి బెంగ లేదు. దారిలో ఏం తాకుతుంది, హోల్‌లో పడుతుందా అన్నవే లెక్క. స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాములపైన. నిండుగా, ఎదురెదురుగా కొడితే స్ట్రైకర్ ఆగదు. సుమారుగా సగం వేగంతో కాయిన్ వెనకాలే పోతుంది. హోల్ వెడల్పు 4.45 సెంటీమీటర్లు, స్ట్రైకర్ 4.13. అంటే కాయిన్ పోయిన దారిలోనే స్ట్రైకర్ కూడా పోగలదు.

ఇప్పుడు రెడ్ చూడండి. దాన్ని అవతలి ఎడమ హోల్‌కు పంపాలి. అలవాటుగా అందరూ స్ట్రైకర్‌ను బేస్ లైన్ కుడి చివర పెడతారు, ఎందుకంటే అక్కడి నుంచి కాయిన్ దాదాపు సూటిగా కనబడుతుంది. రెడ్ పడుతుంది కూడా. కానీ నిండుగా తగిలిన స్ట్రైకర్ అదే వైపు సాగిపోయి ఎడమ తెల్లదాన్ని గుద్దుతుంది. ఓపెన్‌గా ఉన్న మీ కాయిన్ ఎటు పోతదో తెల్వదు. అదే స్ట్రైకర్‌ను చివరి నుంచి రెండు స్ట్రైకర్ల వెడల్పు లోపలికి జరపండి. అప్పుడు షాట్ కొంచెం కట్ అవుతుంది, 20 డిగ్రీల దాకా. రెడ్ అదే హోల్‌కు పోతుంది, స్ట్రైకర్ మాత్రం సూటిగా పైకి పోయి ఎదుటి ఫ్రేమ్ తాకి మధ్యకు వస్తుంది. ఎడమ తెల్లది కదలదు. కట్ చేసేటప్పుడు గురి తప్పేది ఇక్కడ: కాయిన్ మీద తాకే చోటుకు స్ట్రైకర్ నడిమధ్యను గురిపెడతారు. అది ముందే, మందంగా తగిలి రెడ్ హోల్‌కు కుడివైపు ఎదుటి ఫ్రేమ్‌కు తగులుతుంది. హోల్ నుంచి కాయిన్ మధ్యగా గీత గీసి, కాయిన్ మధ్య నుంచి 3.6 సెంటీమీటర్లు వెనకకు వెళ్తే వచ్చే చోటుకు స్ట్రైకర్ నడిమధ్య చేరాలి.

ఫాలోకు మళ్లీ చోటు మార్చాలి. అంచు కాయిన్ అవతలి కుడి హోల్ దగ్గర ఉంది కదా, ఎడమ చివర పెట్టి కొడితే కాయిన్, స్ట్రైకర్, హోల్ ఒకే గీతలోకి వస్తయి. పక్కకు తప్పుకోవడానికి దూరం లేదు కాబట్టి స్ట్రైకర్ కూడా వెనకే పడి ఫౌల్ అవుతుంది. దూరంగా ఉన్న కాయిన్‌ను కాస్త పక్కగా కొట్టినా స్ట్రైకర్ హోల్‌ను తప్పుతుంది. అంచు కాయిన్‌కు అంత వెసులుబాటు లేదు. కుడి హోల్‌కు కుడి చివర నుంచే, కాయిన్ సగం మాత్రమే తాకేట్టు, మెల్లగా కొట్టాలి. కాయిన్ లోపలికి జారుతుంది, స్ట్రైకర్ ఎడమకు తప్పుకుంటుంది. కుడి చివర పెట్టేటప్పుడు ఒక మాట: బేస్ లైన్ చివరి ఎర్ర గుండ్రాన్ని పూర్తిగా కప్పాలి, లేదా అసలు తాకకూడదు. సగం తాకితే తప్పు. కాబట్టి గుండ్రం పక్కన 3 సెంటీమీటర్ల దాకా స్ట్రైకర్‌కు చోటే లేనట్టు. కావలసిన కోణం అందులో పడితే గుండ్రం మీదికి, కాకుంటే దాన్ని దాటి లోపలికి, రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

ఎడమ తెల్లది వేశాక మిగిలేది ఇరుక్కున్నదే. అంచుది పోయింది కాబట్టి కుడి హోల్ ఇప్పుడు ఖాళీ. పైనున్న నల్లదాన్ని పక్కకు తట్టి మీదాన్ని ఫ్రేమ్ వెంటే ఉంచగలిగితే వచ్చే చేతికి ఫ్రేమ్ వెంబడి పంపొచ్చు. గట్టిగా కొడితే ఎదుటివాళ్ల నల్లది ఓపెన్ అవుతుంది.

వానాకాలంలో బోర్డు చెమ్మ పట్టి నెమ్మదిస్తే, బోరిక్ పౌడర్ వేసినా స్ట్రైకర్ ఇంత దూరం సాగదు, అప్పుడు రెడ్‌ను కుడి చివర నుంచి కొట్టినా ఎడమది బతకొచ్చు. ఇంకొక మినహాయింపు స్కోరుది: మీ స్కోరు 22కు చేరితే రెడ్‌కు 3 పాయింట్లు రావు, ఎదుటివాళ్లకు మాత్రం వాళ్లు 22 లోపు ఉంటే వస్తయి. అప్పుడు రెడ్ మీకు పాయింట్ల కోసం కాదు, వాళ్ల చేతికి పోకుండా ఉండటానికి.