పాత స్టాక్ పెద్ద బ్రాండా, తాజా మధ్యరకం బ్రాండా?

రెండూ 185/65 ఆర్15 టైర్లే అనుకుందాం. సైజు వేరైతే ధరలు పోల్చి లాభం లేదు.

ధర: పెద్ద బ్రాండ్ ఖరీదే. డిస్కౌంట్‌తో మధ్యరకం ధరకే ఇస్తామంటే ముందు తయారీ తేదీ చూడండి.

తేదీ: టైరు పక్కగోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు. 1023 అంటే 2023లో 10వ వారం. 2025 అని ఉంటే మాత్రం చాలామంది పొరబడతారు. అది 2025లో 20వ వారం. ఈ అంకెలు ఒకవైపే ఉండొచ్చు, కాబట్టి బిగించకముందే చూడాలి.

వారంటీ: బిల్లు తేదీ నుంచా, తయారీ తేదీ నుంచా? తయారీ నుంచైతే పాత స్టాక్‌కు కొంతకాలం షాపులోనే కరిగిపోయినట్టే.

రోజూ దూరం తిరిగే కారుకు రబ్బరు గట్టిపడేలోపే ట్రెడ్ అరిగిపోతుంది. ఏడాది పాత పెద్ద బ్రాండ్ తీసుకోవచ్చు. వారానికోసారి తీసే కారుకు తాజా మధ్యరకమే నయం.