పౌనఃపున్యమా, ఫ్రీక్వెన్సీయా? సోలార్ ఇన్వర్టర్ మాన్యువల్‌కు ఏ మాటలు మేలు?

గ్రిడ్‌కు కలిపే సోలార్ ఇన్వర్టర్ మాన్యువల్‌ను తెలుగులోకి తెచ్చేవారికి మొదటి పేజీల్లోనే మూడు మాటలు ఎదురవుతాయి: ఫ్రీక్వెన్సీ, ఫేజ్, సింక్రనైజేషన్. వీటికి భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లోని పౌనఃపున్యం, దశ, వాటి పక్కన సమకాలీకరణ పెట్టడం ఒక పద్ధతి. వైరింగ్ చేసేవారు పలికే మాటలనే తెలుగు లిపిలో రాయడం మరొకటి. చాలామంది ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకొని, మూడు మాటలకూ అదే వర్తింపజేస్తారు. మూడింటి ఇబ్బంది మూడు రకాలుగా ఉంటుంది కాబట్టి ఒకే తీర్పు చెల్లదని నా అభిప్రాయం.

ఫ్రీక్వెన్సీ విషయం తేలిక. పౌనఃపున్యం అన్న మాటలో తప్పేమీ లేదు. పునః పునః, అంటే మళ్లీ మళ్లీ జరగడం అన్న అర్థం అందులోనే ఉంది. గ్రిడ్ వోల్టేజి తరంగం సెకనుకు 50 సార్లు మళ్లీ మళ్లీ వస్తుందని చెప్పడానికి అంతకన్నా సరైన మాట దొరకదు. అయితే మాన్యువల్ చదివే మనిషి ఇన్వర్టర్ ఎదుట నిలబడి ఉంటాడు. తెరపై అతనికి కనిపించేది `Fac 50.02 Hz` వంటి వరుస. దాన్ని పుటలోని మాటతో కలుపుకోవడానికి ఫ్రీక్వెన్సీ అన్న మాటే దగ్గరి దారి కనుక నా ఓటు దానికే. పౌనఃపున్యాన్ని మొదటిసారి ఒక్క వాక్యంలో పరిచయం చేసి వదిలేస్తే సరిపోతుంది.

ఈ మాట దగ్గర జరిగే అసలు పొరపాట్లు వేరు. ఫ్రీక్వెన్సీ గరిష్ఠ పరిమితిని 50.5 హెర్ట్జ్‌గా పెట్టినప్పుడు గ్రిడ్ 50.6కు చేరితే ఇన్వర్టర్ విడిపోతుంది. ఆ లోపానికి అధిక పౌనఃపున్యం అని రాసినా, హై ఫ్రీక్వెన్సీ అని రాసినా అది రేడియో తరంగాల సంగతిలా వినిపిస్తుంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పరిమితి దాటింది అంటే సందేహానికి తావుండదు. ఇక నేను సరిచూసిన ఒక మాన్యువల్‌లో ఫిల్టర్లు శుభ్రం చేసే పట్టికలో ఒక నిలువు వరుసకు పౌనఃపున్యం అని శీర్షిక పెట్టి, దాని కింద ఆరు నెలలు అని అచ్చు వేశారు. అక్కడ కావలసింది ఎంతకాలానికోసారి అన్న మాట.

ఫేజ్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. మూలంలో ఆ ఒక్క మాటే మూడు వేర్వేరు వస్తువులను సూచిస్తుంది. మొదటిది న్యూట్రల్‌కు ఎదురుగా ఉండే, కరెంటున్న తీగ. రెండోది త్రీ ఫేజ్ సరఫరాలోని మూడు లైన్లలో ఒకటి, అంటే టెర్మినల్ మీద `L1`, `L2`, `L3` అని రాసి ఉండేవాటిలో ఒకటి. మూడోది తరంగం తన చుట్టులో ఏ క్షణానికి ఎక్కడ ఉందో చెప్పే కోణం. త్రీ ఫేజ్ లైన్ల మధ్య 120 డిగ్రీల తేడా ఉంటుందన్నప్పుడు మాట్లాడేది ఈ మూడోదాని గురించే. పాఠ్యపుస్తకాల్లోని దశ అన్న మాట ఈ మూడో అర్థం కోసం పుట్టింది, అక్కడ దానికి దశాభేదం వంటి చక్కని సమాసాలూ ఉన్నాయి. దాన్నే తీసుకెళ్లి మొదటి రెండు అర్థాలకూ అంటగడితే చిక్కు మొదలవుతుంది.

మూడు దశల ఇన్వర్టర్ అని చదివిన మనిషికి అది మూడు మెట్లలో పనిచేసే యంత్రమని తోస్తుంది. మాన్యువల్‌లో పనుల వరుసను కూడా దశ 1, దశ 2 అని అంకెలు వేసి ఉంటే, దశ 2లో రెండో దశను కలపండి అన్న వాక్యం తయారవుతుంది. లైన్ల క్రమం తారుమారైందని హెచ్చరించే చోట దశ తిరగబడింది అని రాస్తే, దశ తిరగడం తెలుగువాడికి అదృష్టానికి సంబంధించిన మాట కాబట్టి హెచ్చరిక కాస్తా జాతకమవుతుంది. అదే ఫేజ్‌ల వరుస తారుమారైంది అని రాస్తే ఈ చిక్కు ఉండదు. ఒక ఫేజ్ రావడం లేదు అని రాస్తే ఎలక్ట్రీషియన్ వెంటనే టెర్మినళ్ల దగ్గర మీటరు పెట్టి, ఏ లైనుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో రావడం లేదో చూస్తాడు. కాబట్టి తీగకూ లైనుకూ ఫేజ్, కోణానికి ఫేజ్ కోణం అనడం మేలు. దశాభేదాన్ని తరంగాల సిద్ధాంతం వివరించే అనుబంధానికి పరిమితం చేయవచ్చు.

సింక్రనైజేషన్‌కు పాఠ్యపుస్తకపు మాటా, అరువు మాటా రెండూ చాలవు. సమకాలీకరణ అన్న మాటను ఫోన్లు ఇప్పటికే డేటాను తాజా చేయడానికి వాడేసుకున్నాయి. ఇన్వర్టర్‌కు వై-ఫై ద్వారా పనిచేసే యాప్ కూడా ఉంటే అదే మాన్యువల్‌లో రెండు సమకాలీకరణలు చేరతాయి. సమకాలీకరణ విఫలమైంది అని చూసిన యజమాని రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తాడు. లోపం గ్రిడ్ వైపు ఉంటుంది. సింక్ అని కుదించినా అదే గందరగోళం. సింక్రనైజేషన్ అని పూర్తిగా రాస్తే గందరగోళం తగ్గుతుంది గానీ, ఆ మాట తెలియనివారికి ఏం జరుగుతోందో బోధపడదు.

ఒక వాక్యాన్ని తీసుకొని చూద్దాం. పాఠ్యపుస్తకపు పద్ధతిలో అది ఇలా వస్తుంది: “గ్రిడ్ పౌనఃపున్యం అనుమతించిన పరిధిలో ఉన్నట్లు నిర్ధారించిన అనంతరం ఇన్వర్టర్ దశను సరిపోల్చి సమకాలీకరణ దశలోకి ప్రవేశిస్తుంది.” ఇందులో దశ రెండుసార్లు, రెండు అర్థాలతో వచ్చింది. అరువు పద్ధతిలో: “గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పర్మిటెడ్ రేంజ్‌లో ఉన్నట్లు కన్ఫర్మ్ అయ్యాక ఇన్వర్టర్ ఫేజ్‌ను మ్యాచ్ చేసి సింక్రనైజేషన్ స్టేజ్‌లోకి ఎంటర్ అవుతుంది.” ఇందులో క్రియలు కూడా అరువే; పరిధి, సరిపోల్చడం వంటి మాటలు తెలుగులో ఉండగా ఆ అవసరమేమిటో తెలియదు.

నేనైతే దాన్ని విడదీసి రాస్తాను: “ఇన్వర్టర్ ముందుగా గ్రిడ్ వోల్టేజి, ఫ్రీక్వెన్సీ నిర్ణయించిన పరిధిలో ఉన్నాయో లేదో చూస్తుంది. ఉంటే, తన వోల్టేజినీ ఫ్రీక్వెన్సీనీ ఫేజ్ కోణాన్నీ గ్రిడ్‌కు సరిగ్గా సరిపోయేలా మార్చుకుంటుంది. దీనినే గ్రిడ్ సింక్రనైజేషన్ అంటారు. ఇది పూర్తయ్యాకే లోపలి రిలే ఆన్ అయి విద్యుత్తు గ్రిడ్‌కు చేరుతుంది.” వాక్యం పొడవు పెరిగినా ఎవరు ఎవరికి సర్దుకుంటారో ఇందులో తేలిపోయింది. ఈ రకం ఇన్వర్టర్ గ్రిడ్‌ను సరిచేయదు, తానే గ్రిడ్‌ను అనుసరిస్తుంది. గ్రిడ్‌ను సమకాలీకరిస్తుంది అని రాసిన మాన్యువల్‌లో ఈ దిశ తలకిందులైపోతుంది. మార్చుకుంటుంది అన్న క్రియలోని ‘కొను’ దాన్ని నిలబెడుతుంది. రిలే దగ్గర కూడా మూలాన్ని చూసి మూసుకుంటుంది అని రాయలేదు, ఎందుకంటే మూసుకోవడమంటే కరెంటు ఆగిపోవడమని చదివేవారు అనుకుంటారు.

ఇలా నిర్ణయించుకున్నాక పదకోశంలో ఫేజ్‌కు తీగ, లైను, కోణం అని మూడు వరుసలు, ఫ్రీక్వెన్సీకి గ్రిడ్‌దీ నిర్వహణదీ అని రెండు వరుసలు, సింక్రనైజేషన్‌కు గ్రిడ్‌తో ఒకటి, యాప్ డేటాతో ఒకటి వేరువేరుగా పెట్టాలి. తెరపై కనిపించే `Grid Freq Fault` వంటి సందేశాలను మాత్రం ఉన్నవి ఉన్నట్లే ఉంచి, వాటి అర్థాన్ని పక్కన తెలుగులో రాయాలి; ఇన్వర్టర్ తెర తెలుగులో మాట్లాడదు కదా.