మైక్ పోయిందంటే నమ్మి బోర్డు మార్పించకండి, ముందు కవర్ తీసి రికార్డ్ చేయండి

పర్లాకిమిడిలో ఫోన్ కవర్ కొనేవాళ్లు, మైక్ రిపేరుకి ఇచ్చేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు 850 రూపాయలు అనవసరంగా పోయాయి.

పోయిన నెల బజారులో కొత్త కవర్ అడిగాను. మా మోడల్‌ది లేదు, ఇదీ అదే సైజని వేరే మోడల్ కవర్ తొడిగి ఇచ్చారు. కెమెరా, బటన్లు చక్కగా కుదిరాయి కాబట్టి నేనూ ఊరుకున్నాను. ఆ రాత్రి పాతపట్నం నుంచి మా అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది, ఏమీ తెలియటం లేదు" అంది. నేను నా ఫోన్‌లో స్పీకర్ ఆన్ చేసి మాట్లాడితే మాత్రం తనకి బాగానే వినిపించిందట.

రిపేరు దుకాణంలో మొదట సిమ్ పిన్నుతో మైక్ రంధ్రంలో పొడిచారు. తర్వాత ఛార్జింగ్ బోర్డు పోయిందని, మైక్ దాని మీదే ఉంటుందని చెప్పి బోర్డు మార్చేశారు. చాలా ఫోన్లలో మైక్ ఆ బోర్డు మీదే ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ మార్చకముందు కవర్ తీసి ఒక్క కాల్ కూడా చేసి చూడలేదు. ఇంటికొచ్చి కవర్ వేయగానే మళ్లీ అదే నూతి గొంతు!

అప్పుడు నేను చేసిన పరీక్ష ఇది. రికార్డర్ ఆన్ చేసి, కవర్‌తో ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టాను. కవర్ తీసి, అదే దూరం నుంచి, అదే గొంతుతో మళ్లీ లెక్కపెట్టాను. రెండూ విన్నాక సందేహం లేకపోయింది. మొదటిది మూసిన తలుపు అవతల నుంచి వస్తున్నట్టుంది. ఫోన్ కింది అంచు చూస్తే కవర్ రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంది, ప్లాస్టిక్ మైక్‌ని మూసేసింది.

ఒక జాగ్రత్త. ఫోన్‌లో మైకులు సాధారణంగా రెండు ఉంటాయి, కింద ఒకటి, పైన ఒకటి. చెవి దగ్గర పెట్టి మాట్లాడేటప్పుడు ప్రధానంగా పనిచేసేది కిందిది. స్పీకర్‌లో, వీడియోలో చాలా ఫోన్లు పై మైక్‌ని కూడా వాడతాయి, అందుకే అక్కకి స్పీకర్‌లో వినిపించింది. రికార్డర్ ఏ మైక్‌ని తీసుకుంటోందో తెలియాలంటే, రికార్డ్ అవుతుండగా ఒక్కో రంధ్రం పక్కన గోటితో మెల్లగా గీకండి. గరగర గట్టిగా పడిన చోటే ఆ మైక్ ఉన్నట్టు.

కవర్ తీసినా గొంతు మందంగానే ఉంటే రంధ్రంలో జేబు నూగు, దుమ్ము చేరి ఉండొచ్చు. ఫోన్ ఆపి, రంధ్రం నేలవైపు పెట్టి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. పిన్ను మాత్రం వద్దు, లోపలి సన్నటి జాలీ చిరుగుతుంది. నీళ్లు, స్పిరిట్ కూడా పోయకండి.

అన్ని మైకుల్లోనూ రికార్డింగ్ శుభ్రంగా ఉండి కాల్‌లోనే వినబడకపోతే రంధ్రం తప్పు కాదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కలిసి ఉందేమో, ఇంకో సిమ్ నుంచి చేస్తే ఎలా ఉందో చూడండి. అవన్నీ అయ్యాకే బోర్డు మాట. మార్పించేటప్పుడు మీ ఎదుటే, కవర్ తీసి, ముందొకటి తర్వాతొకటి రికార్డ్ చేయమనండి.