మడవని అంచు, బయటికి తిప్పిన కుట్లు: నా నల్ల జాకెట్ ఇన్నేళ్లకి ఎలా ఉందంటే

బ్రాండ్ పేరు రాయను, ఎందుకంటే కింద కొన్ని ఫిర్యాదులున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో, ఆన్‌లైన్‌లో, ముట్టుకోకుండా కొన్న జాకెట్ ఇది. నల్ల ఉన్ని గాబర్డిన్, లోపల లైనింగ్ లేదు, ఎడమ వైపు ముందు భాగం కుడి వైపు కన్నా 7 సెంటీమీటర్లు పొడుగు, కుడి చేతి కుట్లన్నీ బయటికి, కింది అంచు మడవకుండా కత్తిరించి వదిలేశారు. హైదరాబాద్ చలికి సరిగ్గా సరిపోతుంది కాబట్టి బాగానే వాడాను, ఆఫీసుకీ పెళ్లిళ్లకీ కూడా.

కొనేటప్పుడు ఇలాంటివి చాలా చూశాను, అన్నింటి కిందా ఒకే రకం రాతలు: ఎడ్జీ, రా, డిస్ట్రెస్డ్, అవాంట్ గార్డ్. వీటిలో ఒక్కటీ బట్ట గురించి ఏమీ చెప్పదు. నేను దీన్నే ఎందుకు కొన్నానంటే అమ్మినావిడ ఒక్క వాక్యం సరిగ్గా రాసింది: కింది అంచు మడవలేదు, అంచుకి 6 మిల్లీమీటర్ల పైన చుట్టూ ఒక మిషన్ కుట్టు ఉంది, పోగులు అక్కడి దాకానే ఊడతాయి. నాకు కావలసింది అదే. ఇలాంటి బట్ట గురించి ఎవరు చెప్పినా నేను అడిగేది రెండే: ఏం చెయ్యకుండా వదిలేశారు, అది ఎక్కడ ఆగుతుంది?

ఆ వాక్యం నిజమే అని వాడాక తేలింది. కింది అంచు పేక పోగుల వెంటే అడ్డంగా కత్తిరించింది, కాబట్టి వేసుకున్నప్పుడల్లా ఒక్కో పేక పోగు పూర్తిగా జారిపోతుంది, పడుగు పోగులు కిందికి వేలాడుతూ మిగులుతాయి. మొదట్లో కూర్చున్న కుర్చీ మీదల్లా నల్ల దారాలే. తర్వాత మిషన్ కుట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు చుట్టూ 6 మిల్లీమీటర్ల కుచ్చు ఉంది, దువ్వినట్టు సమంగా. ఒక్క చోట తప్ప. వెనక చీలిక దగ్గర, రెండు ముక్కలు కలిసే మందం మీద, మిషన్ ఎగిరినట్టుంది, ఓ 2 సెంటీమీటర్లు కుట్టు లేదు. అక్కడ పోగులు ఆగలేదు, పైకి పాకాయి. టైలర్ చేత ఆ కాస్తా చేతికుట్టు వేయించాను. కొనే ముందు తెలుసుకోవాలంటే అంచులో ఒక పోగు గోటితో లాగి చూడండి, కుట్టు దగ్గర పట్టుకుంటే ఫరవాలేదు, అలా వస్తూనే ఉంటే అది డిజైన్ కాదు, పని ఎగ్గొట్టడం.

ఎడమ లాపెల్ అంచు కూడా మడవలేదు, కానీ దాని తీరు వేరు. అది క్రాస్‌గా కత్తిరించిన అంచు, దాని వెంట నేరుగా పోయే పోగే లేదు కాబట్టి పొడుగు దారాలు రావు, నూగులా పొట్టి పొట్టి పోగులు లేస్తాయి అంతే. క్రాస్ అంచుతో బాధ ఊడటం కాదు, సాగటం. నాది ఇప్పుడు మెడ దగ్గర కొంచెం అలలా తిరిగింది. ఆకారం నిలవడానికి లోపల వేసే కాన్వాస్ బట్ట బయటికే కనిపిస్తుంది, దాన్ని పట్టుకున్న తెల్ల దారం చేతికుట్లతో సహా. ఆ కాన్వాస్ అంచు దాకా ఉంటే ఈ అల వచ్చేది కాదు, ఇక్కడ ఒక వేలు ముందే ఆపేశారు. కాబట్టి రెండు అంచులకీ కలిపి "మడవని అంచు" అని రాస్తే సగమే చెప్పినట్టు. ఒకటి కుచ్చు అవుతుంది, ఇంకొకటి అల తిరుగుతుంది.

అసలు ఇలాంటి బట్టల్ని తప్పుగా వర్ణించడం కొత్తేం కాదు. 1980ల మొదట్లో జపాన్ బ్రాండ్ కోమ్ దె గార్సాన్ డిజైనర్ రెయ్ కవాకుబో పారిస్‌లో కన్నాల స్వెటర్లు చూపిస్తే చాలామంది చిరిగిన బట్టలనేశారు. అక్కడ ఏదీ చిరగలేదు. అల్లే మిషన్ స్క్రూలు వదులు చేసి, అల్లికే అక్కడక్కడా తప్పేలా చేశారు. చిరిగింది అంటే ముందు బాగుండి తర్వాత పాడైందని అర్థం, కన్నంతోనే అల్లింది అంటే మొత్తం వేరే వస్తువు. బెల్జియం డిజైనర్ మార్టిన్ మార్జీలాది ఇంకో రకం. ఆయన పెట్టిన బ్రాండ్ బట్టలకి లోపల తెల్ల లేబుల్‌ని నాలుగు మూలలా నాలుగు తెల్ల కుట్లతో పట్టిస్తారు, అవి వీపు మీద బయటికే కనిపిస్తాయి. తెలియనివాళ్లు ఏదో తీసెయ్యడం మర్చిపోయిన కచ్చా కుట్టు అనుకుంటారు.

నాకూ అలాంటి సేవ జరిగింది. డ్రై క్లీనింగ్‌కి ఇస్తే, షాపాయన చాలా ఆప్యాయంగా కింది కుచ్చు ఒక వైపు కత్తిరించి, అంచు మడిచి కుట్టించి ఇచ్చాడు. "అంచు ఊడిపోయింది సార్, మంచి కోటు కదా పాడవుతుందని కుట్టించేశా, దానికి డబ్బులేం వద్దులెండి." ఏమంటాం? ఇంటికొచ్చి కుట్టు విప్పి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే మడత గీత పోయింది, కుచ్చు మాత్రం ఆ వైపు 2 మిల్లీమీటర్లే మిగిలింది. మిషన్ కుట్టు పైకి పోనివ్వదు కాబట్టి అది ఇంక పెరగదు. అప్పటినుంచి జేబుకి చీటీ పిన్ను చేసి ఇస్తున్నాను: అంచు ఇలాగే ఉండాలి, పోగులు కత్తిరించొద్దు, మడిచి కుట్టొద్దు. స్టైలిష్, ఫారిన్ లాంటివి రాయకుండా ఈ మూడూ రాస్తే మళ్లీ ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఎడమ, కుడి తేడా సంగతి. చూసినవాళ్లు గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నావా అంటారు, నిజానికి అదే దీనికి సరైన వర్ణన. గుండీ కన్నాలు ఒక మెట్టు కిందికి కోసి, రెండు వైపులు కలిసేలా బట్టని వంచి కత్తిరించారు, అందుకే పొట్ట మీద ఒక ఏటవాలు ముడత ఎప్పుడూ ఉంటుంది. ఇది కావాలని చేసిందో, కోత తప్పిందో తెలియాలంటే గుండీలు పెట్టుకుని భుజం కుట్టు చూడాలి. కింద ఎంత వంకర ఉన్నా భుజం కుట్టు భుజం మీదే ఉండి, పక్క కుట్టు నిలువుగా దిగితే కావాలని చేసిందే. భుజం ముందుకి జారిపోతే ఎన్ని కథలు చెప్పినా అది చెడిన కోతే. నాది నిలబడింది, కాకపోతే పొడుగు వైపు జేబులో ఫోను పెడితే కాలర్ మొత్తం ఎడమకి జరుగుతుంది, కుడి జేబులోనే పెట్టాలి.

బయటికి తిప్పిన కుట్లే నాకు బాగా నచ్చినవి, ముందు దెబ్బతిన్నవీ అవే. కుట్టు పక్కన ఒకటిన్నర సెంటీమీటర్ బట్ట వదిలి, పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి, బయటికి నిలబెట్టారు. లోపల ఉండాల్సింది బయటుంటే అన్నీ దానికే తగులుతాయి. బ్యాగు పట్టీ రాసుకుని కుడి భుజం దగ్గర ఓవర్‌లాక్ దారం తెగింది, అసలు కుట్టుకి ఏం కాలేదు. చంకలో మాత్రం వేరే బాధ, లైనింగ్ లేదు కాబట్టి చెమట నేరుగా ఉన్నికే, మరక బయటికే. లోపల పొడుగు చేతుల కాటన్ లేకుండా వేసుకోకండి.

దీన్ని అమ్మాల్సివస్తే ఇలా రాస్తాను: నల్ల ఉన్ని, లైనింగ్ లేదు. ఎడమ ముందు భాగం 7 సెంటీమీటర్లు పొడుగు, గుండీలు పెడితే పొట్ట మీద ఏటవాలు ముడత. కుడి చేతి కుట్లు బయటికి, భుజం దగ్గర ఓవర్‌లాక్ తెగింది. లాపెల్ అంచు కొంచెం సాగింది. కింద 6 మిల్లీమీటర్ల కుచ్చు, కుడి పక్కన కత్తిరించడంతో 2, మిషన్ కుట్టు దగ్గర ఆగింది, వెనక చీలిక దగ్గర చేతికుట్టు వేయించాను. చంకలో లేత మరక. ప్రస్తుతానికి అమ్మట్లేదు, అడగొద్దు.