అటక మీద పెట్టిన బూట్లు పొడైపోయాయి: ఇద్దరు మగపిల్లల బూట్లు, యూనిఫాం గుడ్డల మీద నా అనుభవం

స్కూలు బూట్లలో నాకు పడనిది ఒక్కటే, పీయూ సోలు. పిల్లలకి మొదటి జత కొన్నప్పుడు తేలికగా ఉంది, మెత్తగా ఉంది, పిల్లాడు పరిగెడుతున్నాడు అని మా అపార్ట్‌మెంట్‌లో కనబడిన వాళ్లందరికీ చెప్పాను. తేలిక అన్నది నిజమే, మెత్తన అన్నదీ నిజమే. కాకపోతే అవి ఒక్క పిల్లాడున్న ఇంటికి పనికొచ్చే గుణాలు. మా ఇంట్లో ఇద్దరు. పెద్దాడివి చిన్నాడికి దిగాలి.

ఊరు కాకినాడ. ఈ విషయంలో అది కూడా చెప్పాలి, ఎందుకో ముందుకెళితే తెలుస్తుంది.

పెద్దాడి కాలు ఒక ఏడాది ఎందుకో గబగబా సాగింది. జూన్‌లో కొన్న నల్ల బూట్లు సంక్రాంతి సెలవులయ్యేసరికి వేళ్లు నొక్కేస్తున్నాయన్నాడు. బూట్లు చూస్తే కొత్తవాటిలానే ఉన్నాయి. పై తోలు మీద చిన్న గీతలు తప్ప ఏమీ లేదు, సోలు అరగలేదు. పారేయడానికి చేతులు రాక తుడిచి, పాలిష్ పట్టి, లోపల కాగితాలు కుక్కి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పెట్టెలో పెట్టి అటక మీదకి ఎక్కించాను. చిన్నాడికి ఆ సైజు వచ్చేసరికి మధ్యలో కొన్ని వానాకాలాలు పోయాయి. బడి తెరిచే ముందు దింపి చూస్తే పైకి అంతా బాగానే ఉంది, అడుగు మాత్రం కొంచెం జిగటగా తగిలింది. దుమ్ము పట్టిందేమో అని తడి గుడ్డతో తుడిచేశాను.

బడి తెరిచిన వారంలోనే వాన. సాయంత్రం చిన్నాడు బస్సు దిగి వస్తుంటే ఒక కాలు చప్పుడు చేస్తోంది, రెండోది చెయ్యడం లేదు. దగ్గరికి వచ్చాక చూస్తే రెండోదానికి సోలే లేదు. పై తోలు, దాని కింద పలచటి అట్ట, అంతే. ఊడిన సోలేదిరా అంటే బ్యాగు తెరిచాడు. లంచ్ బాక్సు పక్కన నల్లటి ముక్కలు. ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కితే సున్నుండ చిదిమినట్టు రాలిపోయింది. ప్రార్థన దగ్గర నిలబడినప్పుడు మడమ ముక్క ఊడిందట, క్లాసుకి నడిచేటప్పుడు మిగిలింది. టీచరు అడిగితే "ఇవి అన్నయ్యవి టీచర్" అన్నాడట. మా ఆయన ఆ మాటకి పడీ పడీ నవ్వారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మర్నాడు రెండో బూటు పట్టుకుని మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన చేతిలోకి తీసుకుని, వంచి, బొటనవేలి గోరుతో సోలు అంచు గీకాడు. గోరు వెంట పొడి వచ్చింది. "ఇది కుట్టు నిలవదమ్మా, సూది దింపితే ఊడొచ్చేస్తది. అంటించినా గమ్ము పట్టుకోడానికి లోపల సరుకు ఉండాలి కదా. దాచినవేనా?" అన్నాడు. దాచినవే అన్నాను. "ఈ రకం దాచకూడదు. వేసుకుని అరగదీసెయ్యాలి."

ఆయన చెప్పింది సరిగ్గా అదే. పీయూ అంటే పాలీయురేథేన్, సన్నటి గాలి బుడగలతో పొంగిన నురుగు. బూట్ల సోళ్లకి ఎక్కువగా వాడే రకం గాలిలోని తేమ తగిలితే లోపల్నుంచి మెల్లగా తెగిపోతుంది. కాలికి వేసుకున్నా, పెట్టెలో పెట్టినా ఆ తెగడం ఆగదు. వేడి, ఉక్క ఎక్కువైతే ఇంకా తొందరగా జరుగుతుంది. సముద్రం పక్క ఊరు, ఎండాకాలంలో పెనంలా కాలే స్లాబు కింద అటక, దాని మీద తడి ఎటూ పోకుండా ప్లాస్టిక్ కవరు. ఇంతకంటే అనువైన చోటు దానికి దొరకదు. అదే బూట్లు పెద్దాడు తొడుక్కుని తిరిగినంతకాలం ఏ ఇబ్బందీ లేదు, కాబట్టి ఆ కంపెనీ సరుకు నాసి అని నేను అనలేను. కంపెనీ పేరు రాయకపోవడానికి అదొక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, ఒకే కంపెనీ ఒక మోడల్‌కి పీయూ వేస్తుంది, ఇంకోదానికి పీవీసీ వేస్తుంది. బాటా మంచిదా లిబర్టీ మంచిదా పారగాన్ మంచిదా అని అడిగితే అందుకే నా దగ్గర జవాబు లేదు. బూటు తిరగేసి అడుగు చూస్తే తప్ప చెప్పలేను.

అడుగు చూసి ఎలా పోల్చాలంటే: పీయూ చేతికి తేలిగ్గా ఉంటుంది, మెరుపు ఉండదు, గోరుతో నొక్కితే లొంగి మళ్లీ పైకి వస్తుంది. పీవీసీ బరువు, కాస్త మెరుస్తుంది, కొత్తలో ప్లాస్టిక్ వాసన కొడుతుంది, గోరుకి లొంగదు. రెండింటికీ మధ్యలో టీపీఆర్ అని ఒకటుంది, రబ్బరులా పట్టు ఉంటుంది. కొన్నింటికి అడుగునే అచ్చు పోసి ఉంటుంది, లేకపోతే షాపువాళ్లని అడగాలి. ఇంకొకటి, పెట్టె మీద ధర పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. మే నెలాఖరులో సగం ధరకి పెట్టే పాత స్టాకులో పీయూ సోలు ఉంటే ఆ తేదీ చూడకుండా తీసుకోవద్దు. అది షాపు గోడౌన్‌లోనే సగం ఆయుష్షు తీర్చుకుని ఉండొచ్చు.

అదే అటక మీద పెద్దాడి పాత జత ఇంకొకటి ఉంది, పీవీసీ సోలుది. బరువని వాడు రోజూ సణిగేవాడు, తడి గచ్చు మీద జారుతుందని మా అత్తయ్య తిట్టేది. అది దింపి చూస్తే సోలు చెక్కుచెదరలేదు. చిన్నాడు ఆ ఏడాది దాంతోనే గడిపేశాడు. పై రెక్సిన్ మాత్రం వేళ్లు వంగే చోట బిరుసెక్కి, దసరా వెళ్లాక పగిలింది. అయినా ఒక జతని ఇద్దరు తొడిగారు కదా, అది చాలు.

సైజు గురించి ఒక్క మాట. ఆరేళ్ల నుంచి పదేళ్ల దాకా పిల్లల పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మన షాపుల్లో ఉండే సైజుల్లో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. సాయంత్రం పూట, మేజోడు వేసి, పిల్లాణ్ణి నిలబెట్టి, బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండేలా తీసుకుంటే మామూలుగా ఒక బడి ఏడాది నడుస్తుంది. ఎక్కువ కాలం వస్తుందని రెండు నంబర్లు పెద్దవి కొంటే నష్టమే. పాదం వంగే చోటు ఒకటి, బూటు వంగేలా చేసిన చోటు ఇంకొకటి అవుతాయి. బూటు వంగకూడని చోట వంగి అక్కడ ముడతపడి పగులుతుంది, ముందు భాగం ఈడ్చుకుపోయి ముక్కు అరుగుతుంది. దూదులు కుక్కినా ఇది మారదు.

గుడ్డ లెక్క వేరు. బూటు ఒక ఏడాది ఉంటే చాలు, ప్యాంటు మాత్రం రెండేళ్లు రావాలి, రప్పించొచ్చు కూడా. ఈ వయసులో పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతారు, అందులో కాళ్ల వాటా సగానికి కొంచెం పైన. అంటే ప్యాంటు ఏడాదికి ఒక అంగుళం చిల్లర దించాలి. మా టైలరు బాబాయ్ కింద మూడంగుళాల మడత, వెనక నడుము కుట్టులో అంగుళంన్నర గుడ్డ వదులుతాడు. కుట్టే ముందు గుడ్డ తడిపి ఆరేసి తెమ్మంటాడు, ఎందుకంటే ప్యాంటు గుడ్డలో పాలియెస్టర్‌తో పాటు విస్కోస్ కలుస్తుంది, కుదించుకుపోయేది అదే.

ఏ మిల్లు రంగు నిలిచిందో నాకు తెలిసింది ఆ మడత విప్పినప్పుడే. నేవీ బ్లూ ప్యాంట్లు రెండు, వేర్వేరు మిల్లుల గుడ్డ, ఒకే జూన్‌లో కుట్టించినవి, మార్చి మార్చి వేసినవి. ఏడాది తర్వాత పొడుగు దించుదామని బాబాయ్ రెండింటి మడతలూ విప్పి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. ఒకదానిలో మడత లోపలి పట్టీకీ పై కాలికీ తేడా వెతికితే గానీ కనబడలేదు, పాత మడత అంచున సన్నటి తెల్ల గీత ఒక్కటే. అది సియారామ్స్ గుడ్డ. రెండోది కింద నేవీ బ్లూ, పైన బూడిద రంగు. రెండు వేరే గుడ్డలు అతికించినట్టుంది. దాన్ని దించితే బడికి వేసుకెళ్లడానికి పనికిరాదు, ఇంట్లో వేసుకోవాల్సిందే. కూర్చునే చోట కూడా అది నున్నగా మెరిసిపోయి, తొడల లోపలి వైపు ఉండలు కట్టింది. నూలు బట్టలో అయితే ఉండలు రాలిపోతాయి. పాలియెస్టర్ పోగు గట్టిది కాబట్టి పట్టుకుని వేలాడుతుంది.

అలాగని సియారామ్స్ పేరున్న ప్రతి తానూ ఇలాగే ఉంటుందని పూచీ ఇవ్వలేను. ఏ మిల్లులోనైనా నాలుగైదు రకాల యూనిఫాం గుడ్డ ఉంటుంది. తాను అంచు మీద మిల్లు పేరుతో పాటు రకం పేరు కూడా అచ్చు వేసి ఉంటే రాసుకోండి, మళ్లీ ఏడాది అదే అడగొచ్చు. మేం ఒకేసారి రెండు ప్యాంట్లకీ ఒకే తానులోంచి కోయించి, మోకాలికి అతుకు వేయడానికి అరమీటరు అదనంగా తెచ్చుకుంటాం. తర్వాత కొంటే అదే రంగు నంబరులో కూడా ఛాయ కలవదు.

చొక్కాల మీద నాకు గట్టి అభిప్రాయం లేదు. తెల్ల టెర్రీకాట్ ఏ మిల్లుదైనా మా బోరు నీళ్లకి ఒకే రంగుకి వస్తోంది. మంచినీళ్లతో ఉతికేవాళ్లకి తేడా తెలుస్తుందేమో.

ఈ జూన్‌కి పెద్దాడికి పీవీసీ సోలు, చిన్నాడికి పీయూ కొంటున్నాను. చిన్నాడి తర్వాత తొడిగేవాళ్లు లేరు, వాడికి తేలిగ్గా ఉంటే చాలు. మా పిల్లలు బస్సులో వెళ్లి వస్తారు, ఆటల రోజు కాన్వాస్ వేసుకుంటారు. రోజూ దూరం నడిచే పిల్లలకైతే పీవీసీ బరువు మోయించమని నేను చెప్పను, టీపీఆర్ దొరుకుతుందేమో చూడండి. హైదరాబాద్‌లో ఉండే మా చెల్లెలు పీయూ బూట్లు ఏడాదిన్నర దాచి వాడింది, ఏమీ కాలేదంటుంది. అక్కడ మా ఊరంత ఉక్క లేదు, పైగా తను పెట్టెలో కాకుండా బయట గూట్లో పెట్టింది.